యాప్‌లో డబ్బు వేరేవాళ్లకి వెళ్లిపోయింది, కంపెనీకి ఏమని రాయాలి?

శైలు_కె

అందరికీ నమస్కారం. మా అమ్మ పేమెంట్ యాప్‌లో మా పిన్నికి 18,500 పంపింది, అది పిన్నికి చేరలేదు. పిన్ని చాలా రోజుల కిందటే నంబరు మార్చింది. అమ్మ ఫోన్‌లో పాతదీ కొత్తదీ రెండూ పిన్ని పేరు మీదే ఉన్నాయి. పాత నంబరుని ఫోన్ కంపెనీ ఇంకెవరికో ఇచ్చేసింది, వాళ్లు అదే నంబరు మీద యాప్ పెట్టుకున్నారు. తెర మీద అమ్మ సేవ్ చేసుకున్న పేరే పెద్దగా కనిపించింది, అసలు ఖాతాదారు పేరు కింద చిన్న అక్షరాల్లో ఉంది.

నిన్న సాయంత్రం జరిగింది. సక్సెస్ అని వచ్చింది, ఖాతాలో డబ్బు తగ్గింది. నేను నా యాప్‌లోంచి హెల్ప్ చాట్‌లో రాస్తే "లావాదేవీ విజయవంతంగా పూర్తయింది, మేం రద్దు చేయలేం" అని ఎప్పుడూ ఇచ్చే జవాబే వచ్చింది. ఇక గట్టిగా మెయిల్ రాద్దామని ఇలా రాసుకున్నాను, చూసి చెప్పండి:

"మీ యాప్ వల్ల మా డబ్బు పోయింది. 24 గంటల్లో వెనక్కి ఇవ్వకపోతే కోర్టుకు వెళ్తాం. డబ్బు కొట్టేసిన ఆ మనిషి పేరు, అడ్రసు వెంటనే ఇవ్వండి. ఆ ఖాతా మూసేయండి."

అమ్మ రాత్రంతా నిద్రపోలేదు. ఎలా రాస్తే పట్టించుకుంటారో తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి.

బాబ్జీ_99

టెన్షన్ పడకండి, వచ్చేస్తుంది. నాకూ ఇలాగే అయింది, డబ్బు కట్ అయింది కానీ అవతల చేరలేదు, నేనేం రాయకుండానే కొన్ని రోజులకి దానంతట అదే నా ఖాతాలో పడింది. మీరు కూడా ఊరికే వెయిట్ చేయండి.

శైలు_కె

బాబ్జీ గారూ, మాది అది కాదండి. అవతల చేరింది, చేరింది వేరే మనిషికి.

నిప్పురవ్వ

మెయిల్స్ తో టైం వేస్ట్. వెంటనే బ్యాంకుకి ఫోన్ చేసి "మోసం జరిగింది" అని చెప్పండి. మోసం అన్న మాట వింటే వాళ్లు అవతలి ఖాతా ఫ్రీజ్ చేస్తారు, డబ్బు అక్కడే ఆగిపోతుంది. పొరపాటున పంపాం అంటే మాత్రం ఎవరూ కదలరు. ఎంత తొందరగా చెబితే అంత మంచిది.

నిదానం

నేను కొన్నేళ్లు ఒక పేమెంట్ కంపెనీలో ఫిర్యాదులు చూసే టీమ్‌లో ఉన్నాను కాబట్టి లోపల ఏం జరుగుతుందో చెప్తాను. నిప్పురవ్వ గారు తొందరగా చెప్పమన్నది నూటికి నూరుపాళ్లు సరైన మాట, ఎందుకంటే అవతలి మనిషి ఖర్చుపెట్టేలోపు కబురు అందాలి. మోసం అని చెప్పమన్నది మాత్రం చేయకండి. మోసం ఫిర్యాదు వెళ్లే దారి వేరు, అక్కడ మొదట అడిగేది "మీరే పిన్ నొక్కారా, ఎవరైనా నమ్మించి నొక్కించారా" అని. అమ్మగారే నొక్కారు, ఎవరూ నమ్మించలేదు. ఆ రికార్డు వాళ్ల దగ్గర క్షణాల లెక్కతో సహా ఉంటుంది. ఫిర్యాదులో ఉన్నదానికీ రికార్డుకీ పొంతన లేకపోతే దాన్ని మూసేస్తారు, తర్వాత మీరు నిజం రాసినా అనుమానంగా చూస్తారు. పైగా ఏ తప్పూ చేయని మనిషి ఖాతా ఆగిపోతే, రేపు వాళ్లు మీకు మంచిగా తిరిగి ఇద్దామనుకున్నా ఇవ్వలేరు.

ముందు ఒకటి చెప్పండి. ఆ డబ్బు యాప్‌లోని వాలెట్ నుంచి వెళ్లిందా, నేరుగా బ్యాంకు ఖాతా నుంచి వెళ్లిందా?

శైలు_కె

బ్యాంకు ఖాతా నుంచేనండి. బ్యాంకు నుంచి మెసేజ్ కూడా వచ్చింది.

నిదానం

అయితే మీ ఉత్తరం మొత్తం దీని మీదే ఆధారపడుతుంది, కాస్త ఓపిగ్గా చదవండి.

వాలెట్‌లోంచి అదే కంపెనీ వాలెట్‌లోకి వెళ్తే రెండు వైపులా డబ్బు ఆ కంపెనీ పుస్తకాల్లోనే ఉంటుంది. అప్పుడు అవతలివాళ్లతో మాట్లాడటం, ఒప్పుకుంటే తిప్పి పంపడం వాళ్ల చేతిలో పని. మీది అలా కాదు. మీ విషయంలో యాప్ చేసింది ఒక ఆదేశాన్ని మోసుకెళ్లడం మాత్రమే. డబ్బు అమ్మగారి బ్యాంకు నుంచి అవతలి మనిషి బ్యాంకుకి వెళ్లింది, ఇప్పుడు అది ఆ మనిషి ఖాతాలో ఉంది. యాప్ కంపెనీ దగ్గర ఒక్క పైసా కూడా లేదు, అందుకే "మా డబ్బు ఇవ్వండి" అని ఎంత గట్టిగా రాసినా జవాబు అదే వస్తుంది. ఇచ్చిన జవాబు అబద్ధం కాదు, కానీ మీకు అవసరమైన జవాబు కూడా కాదు.

ఆ ఖాతాలోంచి డబ్బు తీయాలంటే సాధారణంగా ఆ ఖాతాదారు ఒప్పుకోవాలి. ఎవరో మెయిల్ పెట్టారని బ్యాంకు ఇంకొకరి ఖాతాలోంచి తీసి ఇచ్చేస్తే, రేపు సరుకు తీసుకుని డబ్బు కట్టినవాళ్లు కూడా పొరపాటు అని రాసి వెనక్కి తెచ్చుకుంటారు. కాబట్టి మీ ఉత్తరం అడగాల్సింది రద్దు చేయమని కాదు. అవతలి బ్యాంకుకి మీ విన్నపాన్ని పంపమని, ఆ మనిషికి యాప్ ద్వారా కబురు చేయమని, చేసినట్టు మీకు రాతలో చెప్పమని. ఇవి వాళ్లు చేయగలిగిన పనులు. చేయగలిగిన పని అడిగిన ఉత్తరానికి "చేయలేం" అనే రెడీమేడ్ జవాబు పెట్టి మూసేయడం కష్టం.

ఇంకో సంగతి, మీరు మీ యాప్‌లోంచి చాట్ చేశామన్నారు. లావాదేవీ అమ్మగారిది. మీరు కూతురని వాళ్లకి తెలిసే మార్గం లేదు, తెలిసినా ఆమె ఖాతా గురించి మీతో మాట్లాడకూడదు. ఆమె ఫోన్‌లో, ఆ లావాదేవీ తెరిచి, దాని కిందే ఉండే హెల్ప్‌లోంచి ఫిర్యాదు పెట్టండి. అలా పెడితే వివరాలు వాటంతట అవే జతపడతాయి. మెయిల్ కూడా ఆమె నమోదు చేసుకున్న చిరునామా నుంచే వెళ్లాలి. అదే రోజు అదే విషయం ఆమె బ్యాంకుకి కూడా రాయండి, అసలు కదలాల్సింది బ్యాంకే.

మౌనిక_వి

అక్కా, నేను కస్టమర్ కేర్ నంబరు వెతికి ఫోన్ చేస్తే వాళ్లు వేరే యాప్ వేసుకోమన్నారు, స్క్రీన్ కనిపించేలా పెట్టమన్నారు, నేను భయపడి కట్ చేశాను. మా ఫ్రెండ్ మాత్రం అలా చేసి ఉన్నదంతా పోగొట్టుకుంది. నంబరు యాప్ లోపల ఉన్నదే తీసుకోండి, బయట వెతకొద్దు.

క్విక్_రిఫండ్

[ఈ పోస్టును నిర్వాహకులు తొలగించారు]

నిర్వాహకుడు

పై పోస్టులో "కమీషన్ ఇస్తే డబ్బు వెనక్కి తెప్పిస్తాం" అని నంబరు పెట్టారు, తీసేశాం. శైలు గారూ, మీకు విడిగా అలాంటి మెసేజ్ ఏదైనా వస్తే జవాబివ్వకుండా మాకు పంపండి. ఇలాంటి చర్చ మొదలైన ప్రతిసారీ వీళ్లు వస్తారు.

శైలు_కె

థాంక్సండి, నాకు అప్పటికే ఒకటి వచ్చింది, పంపిస్తాను. నిదానం గారూ, మీరు చెప్పినట్టు తిరగరాశాను. అమ్మ పేరుతోనే రాశాను:

"నమస్కారం. నా ఖాతా నుంచి నిన్న సాయంత్రం 6:42కి 18,500 మొత్తం నేను ఉద్దేశించని వ్యక్తికి వెళ్లింది. నేను మా చెల్లెలికి పంపాలనుకున్నాను, ఆమె పాత నంబరు ఎంపికైంది. ఆ నంబరు ఇప్పుడు వేరేవారి వాడుకలో ఉంది. లావాదేవీ నంబరు కింద ఇచ్చాను. దయచేసి డబ్బు వెనక్కి ఇప్పించండి."

సరిపోతుందా?

నిదానం

చాలా నయం. "నేను ఉద్దేశించని" అన్న మాట బాగుంది, నేనే పంపాను అని ఒప్పుకుంటూనే తప్పు ఎక్కడ జరిగిందో చెబుతోంది. రెండు మూడు మార్పులు చెప్తాను.

మీరు ఇచ్చిన నంబరు ఏది? యాప్‌లో సాధారణంగా రెండు నంబర్లు ఉంటాయి. ఒకటి యాప్ కంపెనీ సొంతంగా వేసుకున్నది, అక్షరాలూ అంకెలూ కలిసి పొడుగ్గా ఉంటుంది. రెండోది బ్యాంకుల మధ్య తిరిగే రిఫరెన్స్ నంబరు, యూపీఐ అయితే అది 12 అంకెలు, UTR అని కనిపిస్తుంది. అవతలి బ్యాంకు మనిషి మొదటి నంబరు పట్టుకుని ఏమీ వెతకలేడు. చాలా ఫిర్యాదులు రోజుల తరబడి అటూ ఇటూ తిరిగేది ఈ ఒక్క కారణానికే. రెండూ ఇవ్వండి, ఏది ఏదో రాయండి.

పంపాలనుకున్న ఐడీ, నిజంగా వెళ్లిన ఐడీ రెండూ పక్కపక్కన రాయండి. పిన్నిగారి పాత నంబరే అది అని చూపించడానికి, ఇదివరకు అదే నంబరుకి ఆమె పేరు మీద పంపిన పాత లావాదేవీ ఏదైనా అమ్మగారి యాప్‌లో ఉందేమో చూడండి. ఉంటే దాని స్క్రీన్‌షాట్ పెట్టండి. అప్పుడు ఇది సరుకు కొని మనసు మార్చుకున్న వ్యవహారం కాదని చదివేవాడికి ఒక్క చూపులో అర్థమవుతుంది. నేను ఆ కుర్చీలో కూర్చున్నప్పుడు ఇలాంటి ఆధారం ఉన్న ఉత్తరాన్నే ముందు చేతిలోకి తీసుకునేవాడిని.

ఇక "వెనక్కి ఇప్పించండి" అన్నది తీసేసి ఏం చేయాలో విడమరిచి అడగండి. పిన్, ఓటీపీ, కార్డు నంబరు ఏ ఉత్తరంలోనూ రాయకండి. ఖాతా నంబరు చివరి నాలుగు అంకెలు చాలు.

శైలు_కె

దొరికిందండి! పాత నంబరుకి పిన్ని ఖాతా పేరుతో వెళ్లిన లావాదేవీ ఒకటి ఉంది, ఆమె అసలు పేరు స్పష్టంగా కనిపిస్తోంది. ఇప్పుడు చివరి భాగం ఇలా మార్చాను:

"ఈ లావాదేవీని నేనే చేశానని, మీరు దాన్ని ఏకపక్షంగా రద్దు చేయలేరని నాకు తెలుసు. నేను కోరేది: డబ్బు అందుకున్న వ్యక్తికి యాప్ ద్వారా ఈ విషయం తెలియజేయండి. ఆ వ్యక్తి బ్యాంకుకి తప్పుగా వెళ్లిన బదిలీ కింద ఈ విన్నపాన్ని పంపండి. ఆ వ్యక్తి ఒప్పుకుంటే డబ్బు వచ్చిన ఖాతాకే తిరిగి పంపేలా చూడండి. వారి వ్యక్తిగత వివరాలు నాకు అక్కర్లేదు. ఈ ఫిర్యాదు నంబరు, మీరు తీసుకున్న చర్య, ఆ తేదీ నాకు రాతపూర్వకంగా ఇవ్వండి."

నిప్పురవ్వ

"మీరు రద్దు చేయలేరని నాకు తెలుసు" అని మనమే రాసిస్తే ఎలా? చేతులెత్తేసినట్టు కాదా? వివరాలు అక్కర్లేదని కూడా ఎందుకు, రేపు కేసు వేయాలంటే ఎవరి మీద వేస్తారు?

నిదానం

మొదటిదాంట్లో నా అభిప్రాయం వేరు, ఆ వాక్యం వల్ల చదివేవాడికి రెడీమేడ్ జవాబు వాడే అవకాశం పోతుంది. రెండోది మాత్రం నిప్పురవ్వ గారు మంచి ప్రశ్న అడిగారు. "అక్కర్లేదు" అని రాయకండి, "ప్రస్తుతం కోరడం లేదు" అని రాయండి. ఇప్పుడు అడిగితే గోప్యత పేరు చెప్పి ఆ ఒక్కదానికే జవాబిచ్చి మిగతావి వదిలేస్తారు.

దూరతీరం

నేను యూరప్‌లో ఉంటాను, ఇక్కడ దీనికి రాసిపెట్టిన నియమమే ఉంది. 2015 నాటి చెల్లింపు సేవల ఆదేశం 88వ అధికరణ ప్రకారం మనం తప్పు గుర్తింపు నంబరు ఇస్తే బ్యాంకు బాధ్యత ఉండదు, కానీ డబ్బు రాబట్టడానికి తగిన ప్రయత్నం చేసి తీరాలి, అవతలి బ్యాంకు సహకరించాలి. అప్పటికీ రాకపోతే, మనం రాతపూర్వకంగా అడిగితే దావా వేయడానికి పనికొచ్చే వివరాలు ఇవ్వాలి. కాబట్టి ఇక్కడివాళ్లకి వివరాలు అడగడం రెండో ఉత్తరంలో వచ్చే విషయం. శైలు గారిది ఇండియా అనుకుంటాను, అక్కడ ఎలాగో తెలిసినవాళ్లు చెప్పాలి.

నిదానం

ఇండియాలో యూపీఐ అయితే దాన్ని నడిపే సంస్థ NPCI వెబ్‌సైట్‌లో ఫిర్యాదు ఫారం ఉంది, అందులో డబ్బు పొరపాటున వేరే ఖాతాకి వెళ్లిందనే వర్గమే విడిగా ఉంటుంది. బ్యాంకుకి రాసిన ఫిర్యాదుకి 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సరిగా లేకపోయినా రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి వెళ్లొచ్చు, దానికి ఫీజు లేదు. అందుకే తేదీ, ఫిర్యాదు నంబరు రాతలో తీసుకోమన్నాను. ఫోన్‌లో మాట్లాడింది అక్కడ చూపించలేరు. అయితే అంబుడ్స్‌మన్ చూసేది బ్యాంకు తన పని చేసిందా లేదా అని. అవతలి మనిషి చేత డబ్బు కట్టించడం వాళ్ల పని కాదు, ఆ ఆశతో వెళ్లకండి.

పిచ్చుకగూడు

నాకు ఇది అటువైపు నుంచి జరిగింది కాబట్టి చెప్తున్నాను. ఒకరోజు నా ఖాతాలో తెలియని డబ్బు పడింది, కాసేపటికి ఎవరో ఫోన్ చేసి "పొరపాటున పంపాను, ఈ వేరే నంబరుకి తిరిగి పంపండి" అని ఏడుస్తూ, మళ్లీ తిడుతూ, పదే పదే చేశారు. నాకు భయం వేసింది. నిజంగా పొరపాటో, ఎవరి దగ్గరో కొట్టేసిన డబ్బు నా ఖాతా మీదుగా దాటిస్తున్నారో నాకెలా తెలుస్తుంది? నేను వేరే నంబరుకి పంపాక అసలు సొంతదారు ఫిర్యాదు చేస్తే మళ్లీ నేనే కట్టాలి. అందుకే నంబరు బ్లాక్ చేసి ఊరుకున్నాను. తర్వాత మా బ్యాంకు నుంచి రాతలో వచ్చింది, ఏ ఖాతా నుంచి వచ్చిందో దానికే వెళ్తుందని చెప్పారు, అప్పుడు సంతకం పెట్టాను, వెళ్లిపోయింది. కాబట్టి ఎదుటివాళ్లని దొంగ అనుకోకండి, చాలామంది భయపడే ఆగుతారు.

శైలు_కె

ఇది చదివాక మనసు కాస్త కుదుటపడింది. నిజానికి నేను రాత్రి ఆ నంబరుకి ఫోన్ చేద్దామనుకున్నాను.

మౌనిక_వి

ఫోన్ బదులు అదే యాప్‌లో ఒక్క రూపాయి పంపి, దాని నోట్‌లో "ఈ డబ్బు పొరపాటున వచ్చింది, మీ బ్యాంకుని అడగండి" అని రాస్తారట కదా?

నిదానం

చేయొచ్చు, ఒక్కసారి. కొన్ని యాప్‌లలో లావాదేవీ కిందే మెసేజ్ పెట్టే వీలుంటుంది, అప్పుడు రూపాయి కూడా అక్కర్లేదు. మర్యాదగా, ఫిర్యాదు నంబరు ఇచ్చి, "వేరే ఎక్కడికీ పంపొద్దు, డబ్బు వచ్చిన ఖాతాకే పంపండి" అని రాయండి. ఆ మాట చూస్తే పిచ్చుకగూడు గారికి వచ్చిన భయం వాళ్లకి రాదు.

బాబ్జీ_99

అంటే మా దాంట్లో డబ్బు దానంతట అదే ఎందుకొచ్చింది మరి?

నిదానం

మీది మధ్యలో ఆగిపోయింది బాబ్జీ గారూ, అవతలి ఖాతాలో జమ కాలేదు, అందుకే వ్యవస్థే తిప్పి పంపింది. వీళ్లది జమ అయింది. తెర మీద పెండింగ్ అని ఉందా సక్సెస్ అని ఉందా అన్నది చూస్తే ఏ రకమో తెలుస్తుంది.

శైలు_కె

అప్‌డేట్ ఇస్తున్నాను. యాప్ కంపెనీ మొదట మళ్లీ అదే రెడీమేడ్ జవాబు పంపింది. కొత్త ఫిర్యాదు పెట్టకుండా అదే టికెట్‌లో "నేను రద్దు కోరలేదు, కోరిన పనుల్లో ఏది చేశారో తేదీతో చెప్పండి" అని ఒక్క ముక్క రాశాం. అప్పుడు పై స్థాయికి పంపామని, డబ్బు అందుకున్నవారికి యాప్‌లో కబురు పంపామని రాశారు. అమ్మ బ్యాంకు మాత్రం బాగా పనిచేసింది, UTR చూడగానే అవతలి బ్యాంకుకి విన్నపం పంపారు.

ఈరోజు తెలిసింది ఏంటంటే ఆ మనిషి దొరికారు, ఒప్పుకున్నారు కూడా. కానీ డబ్బు పడిన మర్నాడే వాళ్ల లోన్ వాయిదా ఆటోమేటిక్‌గా కట్ అయిపోయిందట, ఖాతాలో ఇప్పుడు 7,000 చిల్లరే ఉందట. ఉన్నది ఇప్పుడిచ్చి మిగతాది తర్వాత వాయిదాల్లో ఇస్తామంటున్నారు. ఒప్పుకోవచ్చా?

నిప్పురవ్వ

ఒప్పుకోవద్దు. సగం తీసుకుంటే దాంతో సరిపెట్టుకున్నారని బ్యాంకు ఫైల్ మూసేస్తుంది, ఆ తర్వాత ఆ మనిషి ఫోన్ ఎత్తడు.

పిచ్చుకగూడు

ఒప్పుకున్న మనిషిని తరిమేయడం ఎందుకండీ? లోన్ వాయిదా ఆయన తీయలేదు కదా, బ్యాంకు తీసింది. వచ్చింది తీసుకోండి.

నిదానం

తీసుకోండి, కానీ రాతలో తీసుకోండి. నిప్పురవ్వ గారి భయంలో నిజం ఉంది, కొంత జమ కాగానే "పరిష్కరించబడింది" అని టికెట్ మూసేయడం నేను చూశాను. అందుకని డబ్బు పడకముందే బ్యాంకుకీ యాప్ కంపెనీకీ రాయండి: "ఇది 18,500లో కొంత భాగం మాత్రమే, మిగిలినది అందేవరకు నా ఫిర్యాదు తెరిచే ఉంచాలి" అని. ఆ మనిషి ఎంత, ఏ తేదీలోగా ఇస్తారో వాళ్ల బ్యాంకు ద్వారా రాయించండి. లోన్ కింద పోయిన మొత్తాన్ని వాళ్ల బ్యాంకే వెనక్కి ఇవ్వాలా అన్నది వేరే పేచీ, నాకు తెలిసిన ఒక కేసులో ఇచ్చారు, ఇంకోదాంట్లో ఇవ్వలేదు.

నిప్పురవ్వ

ఆ రెండో దాంట్లో ఎందుకు ఇవ్వలేదు? అది తేల్చకుండా వాయిదాలకి ఒప్పుకోమనడం నాకు నచ్చలేదు. డబ్బు తమది కాదని బ్యాంకుకి తెలిశాక కూడా లోన్ కింద ఉంచుకోవడం ఏం న్యాయం?

నిదానం

ఆ కేసులో వాయిదా కట్ అయినప్పటికి బ్యాంకుకి ఆ విషయం తెలియదు, అక్కడే తగువు. మీ విన్నపం అవతలి బ్యాంకుకి చేరిన సమయం, వాయిదా కట్ అయిన సమయం, రెంటిలో ఏది ముందో శైలు గారు అడిగి తెలుసుకోవాలి. విన్నపం ముందు చేరి ఉంటే గట్టిగా అడగొచ్చు.

శైలు_కె

అమ్మ బ్యాంకు ఇచ్చిన రసీదులో పంపిన సమయం ఉంది, ఉదయం 11:20. వాయిదా ఎన్ని గంటలకి కట్ అయిందో వాళ్లు చెప్పలేదు. రేపు అదే అడుగుతూ రాస్తాను, భాగం మాత్రమే అన్న వాక్యం కూడా అందులోనే పెడతాను.